జతల్లో మాట్లాడించినా చివరికి ఆ ఐదుగురే లేస్తున్నారు: తొమ్మిదో తరగతి, సలహా కావాలి

పరకాల ఫిజిక్స్ · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పరకాల దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. తొమ్మిదిలో 42 మంది పిల్లలు, బెంచీకి ముగ్గురు. కాంప్లెక్స్ మీటింగ్‌లో విన్నప్పటి నుంచి థింక్-పెయిర్-షేర్ చేయిస్తున్నాను. ప్రశ్న అడుగుతాను, కాసేపు ఆలోచించమంటాను, పక్కవాళ్లతో మాట్లాడుకోమంటాను, ఆ తర్వాత "ఎవరు చెప్తారు?" అంటాను. లేచేది ఎప్పుడూ ఆ ఐదుగురే.

గ్రూపులు చేసి లీడర్, రాసేవాళ్లు, టైం చూసేవాళ్లు, చెప్పేవాళ్లు అని పనులు కూడా పంచాను. చెప్పే పని మళ్లీ ఆ ఐదుగురి దగ్గరికే పోతోంది. అసలు నోరు విప్పని పిల్లలు "నేను టైం చూస్తా సార్" అని అడిగి మరీ తీసుకుంటున్నారు. వచ్చే గురువారం బాష్పీభవనం మొదలుపెట్టాలి. ఆ పాఠంలో వీళ్ల చేత మాట్లాడించే దారి ఏదైనా ఉందా? క్లాసులో ఇది నిజంగా చేయించినవాళ్లు చెబితే మేలు.

జనగామ మ్యాథ్స్ · సోమవారం, రాత్రి 9:40

సార్, నేను ఏళ్ల తరబడి గ్రూపులు చేయిస్తున్నా. ఆరుగురికి ఒక గ్రూపు, బాగా చదివే పిల్ల లీడర్. మాట్లాడినవాళ్లకు మార్కులు వేస్తా, బోర్డు మీద గ్రూపుల పేర్లు రాసి పక్కన గీతలు పెడతా. పిల్లలు పోటీ పడి లేస్తారు. ఎవరు మాట్లాడలేదో లీడరే చూసుకోవాలని చెప్పండి, సగం తలనొప్పి తగ్గుద్ది. ఎవరి పని ఏమిటో పిల్లలకు తెలిసి ఉండాలి, అంతే.

వడ్డేపల్లి కట్ట · సోమవారం, రాత్రి 10:25

పరకాల సార్, ముందు రెండు సంగతులు చెప్పండి. ఈ మధ్య అడిగిన ప్రశ్న ఒకటి ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి. "కాసేపు ఆలోచించమంటాను" అన్నారు, ఆ కాసేపట్లో పిల్లల చేతులు ఏం చేస్తున్నాయి?

జనగామ సార్, ఎవరి పని వాళ్లకు తెలియాలన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఆరుగురి గ్రూపులో ఇద్దరు మాట్లాడితే నలుగురు వింటారు. గీతలు పెట్టేది గ్రూపుకు కాబట్టి, గీత కావాలంటే బాగా వచ్చినవాడినే లేపడం లీడర్‌కు లాభం. నెమ్మదిగా ఉండే పిల్ల లేస్తే గీత పోతుందేమోనని పక్కవాళ్లే కూర్చోబెడతారు. మీ క్లాసులో లేచేవాళ్ల పేర్లు ఒక వారం రాసి చూడండి.

పరకాల ఫిజిక్స్ · సోమవారం, రాత్రి 10:41

నిన్నమొన్న అడిగిన ప్రశ్న: "ఘన, ద్రవ, వాయు పదార్థాల మధ్య తేడాలేమిటి?" ఆలోచించమన్నప్పుడు చేతులు ఏం చేస్తున్నాయంటే, కొందరు టెక్స్ట్‌బుక్ తిప్పుతున్నారు, కొందరు నా మొహం చూస్తున్నారు. ఓ పది సెకన్లు ఇస్తాననుకుంటా.

నర్సంపేట నాన్న · మంగళవారం, ఉదయం 6:50

మా అమ్మాయి కూడా అంతే సార్. ఇంట్లో గలగలా మాట్లాడుతది, స్కూల్లో సైలెంట్. స్టేజి మీద మాట్లాడే క్లాసులు హనుమకొండలో ఎక్కడైనా ఉన్నాయా? ఎండాకాలం సెలవుల్లో వేద్దామని. ధైర్యం రావాలంటే వక్తృత్వ పోటీలకు పంపాలని మా తమ్ముడు అంటున్నాడు.

వెనక బెంచీ · మంగళవారం, ఉదయం 7:30

అన్నా, వీళ్లు అడుగుతున్నది స్టేజి సంగతి కాదు. పాఠం జరుగుతుండగా పక్కపిల్లతో నాలుగు మాటలు మాట్లాడించే సంగతి. మైకు ముందు కంఠస్థం చేసిన ప్రసంగం చెప్పే పిల్లే క్లాసులో "నాకు ఇది అర్థం కాలేదు" అనలేకపోవచ్చు.

అందరికీ ఒక మాట. నేను సాంఘికశాస్త్రం చెబుతాను, చిన్నప్పుడు మూగమొద్దు అని పేరున్నవాణ్ణి. మాట్లాడని పిల్లలందరూ నేర్చుకోవడం లేదనుకోకండి. వింటూ నేర్చుకునేవాళ్లు ఉంటారు. ప్రతి పీరియడ్‌లో ప్రతి పిల్లనూ లేపాలన్న పట్టుదల నాకు నచ్చదు.

వడ్డేపల్లి కట్ట · మంగళవారం, సాయంత్రం 5:15

వెనక బెంచీ గారూ, ప్రతివాళ్లనూ లేపాలని నేనూ అనను. కానీ లేచి క్లాసుకు చెప్పడం వేరు, పక్కవాళ్లకు చెప్పడం వేరు. మొదటిది అప్పుడప్పుడు జరిగినా చాలు. రెండోది ప్రతి పిల్లా చేయాలి, ఎందుకంటే తనకు ఏం తెలుసో, ఎక్కడ తెలియదో నోటితో అన్నప్పుడే పిల్లకు తేలుతుంది.

పరకాల సార్, మీ ప్రశ్నకు జవాబు పుస్తకంలో పట్టికగా ఉంది. అలాంటప్పుడు జతలో మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. పేజీ దొరికినవాడు చదువుతాడు, రెండోవాడు ఊఁ కొడతాడు. బాష్పీభవనానికి మన ఇళ్లలోనే ప్రశ్న ఉంది:

"ఎండాకాలం రంజన్‌లో నీళ్లు చల్లగా అవుతాయి. అదే రంజన్, అదే మూల, వానాకాలంలో అంత చల్లగా ఎందుకు కావు? స్టీలు బిందెలో ఎండాకాలం కూడా ఎందుకు కావు?"

మన పిల్లల్లో చాలామంది "మట్టికి చల్లదనం ఉంటుంది" అంటారు. అది తప్పని ఎండాకాలం ప్రశ్న ఒక్కటే అడిగితే తేలదు. వానాకాలం పక్కన పెట్టగానే ఇరుక్కుంటారు, ఎందుకంటే మట్టి అదే మట్టి కదా. వాదించుకోవడానికి చోటు అక్కడ దొరుకుతుంది. పైగా బాగా చదివే పిల్లకన్నా, రోజూ రంజన్ కడిగి నీళ్లు నింపే పిల్లకు ఇక్కడ ఎక్కువ తెలిసి ఉండొచ్చు. నెమ్మదిగా ఉండే పిల్లల దగ్గర సరుకు ఉన్న ప్రశ్న వెతకడమే ఇందులో సగం పని.

ఇక ఆలోచించే సమయం. థింక్-పెయిర్-షేర్‌ను 1981లో మొదట రాసిన ఫ్రాంక్ లైమన్ మూడు మెట్లుగా పెట్టాడు. మనం మొదటి మెట్టు మింగేసి రెండోదాని మీదికి దూకుతాం. మేరీ బడ్ రో అనే ఆమె 1970ల్లో సైన్స్ క్లాసులు రికార్డు చేసి చూస్తే, టీచరు ప్రశ్న అడిగాక ఆగేది సుమారు ఒక్క సెకను. మూడు సెకన్లకు పైగా ఆగినప్పుడు జవాబుల పొడవు పెరిగింది, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు. మీరు పది సెకన్లు ఇస్తున్నారు, మంచిదే. కానీ ఈ ప్రశ్నకు నిమిషంన్నర కావాలి, చేతిలో పెన్ను ఉండాలి. పుస్తకం మూయించి, రఫ్ నోటులో రెండే వాక్యాలు రాయించండి:

నా అంచనా: ……
ఎందుకంటే: ……

ఆ నిమిషంన్నర మీరు కూడా నోరు మెదపకూడదు. చెప్పడం సులువు గానీ మనకు చాలా కష్టం. మధ్యలో "బాష్పీభవనం గుర్తు తెచ్చుకోండి" అని ఒక్క మాట జారితే 42 నోట్లలో అదే మాట కనిపిస్తుంది. నెమ్మదిగా ఉండే పిల్లకు ఆ రాసుకున్న వాక్యమే ఆసరా. జతలో ఏం అనాలో వెతుక్కోనక్కర్లేదు, చదివితే చాలు.

బీఎడ్ సెకండియర్ · మంగళవారం, రాత్రి 8:05

మేడం, నాకు వచ్చే నెల టీచింగ్ ప్రాక్టీస్ ఉంది, సూపర్‌వైజర్ గారు వచ్చి చూస్తారు. లెసన్ ప్లాన్‌లో దీన్ని ఏ కాలమ్ కింద రాయాలి? పీరియడ్ మొత్తం ఇలాగే నడిపితే బాగుంటుందా?

వడ్డేపల్లి కట్ట · మంగళవారం, రాత్రి 8:30

తల్లీ, పీరియడ్ మొత్తం వద్దు. ఒక పీరియడ్‌లో ఒకే ప్రశ్నకు ఏడెనిమిది నిమిషాలు చాలు. మిగతాదంతా మామూలుగా పాఠం చెప్పు. కాలమ్ సంగతి మీ కాలేజీ ఫార్మాట్ చూసుకో. ఎక్కడ రాసినా ప్రశ్నను మాత్రం పూర్తి వాక్యంలో రాయి. "చర్చ జరిపించాలి" అని రాస్తే ఆ రోజు నీకే ప్రశ్న దొరకదు.

జనగామ మ్యాథ్స్ · మంగళవారం, రాత్రి 9:02

ఏడెనిమిది నిమిషాలంటారు గానీ, జతల్లోకి తిరిగి, సద్దుమణిగేసరికి పదిహేను అవుద్ది. పదో తరగతికి సిలబస్ ఎప్పుడు కావాలి? మార్కుల మాట మీద కూడా నేను మారను మేడం. మార్కు లేకపోతే మా పిల్లలు నోరు తెరవరు.

వడ్డేపల్లి కట్ట · మంగళవారం, రాత్రి 9:48

మొదట్లో పదిహేను పడుతుంది, నిజమే. తిరగడమే టైం తింటుంది. బెంచీకి ముగ్గురు ఉన్నచోట పక్కపక్కన జత కట్టిస్తే ఒకరు మిగులుతారు. ఆ మిగిలేది ఎప్పుడూ అంచున కూర్చున్న నెమ్మది పిల్లే, గమనించారా? మధ్యలో పిల్ల ఎటు తిరిగితే అటువాళ్లకే మాట. అందుకని ముందు బెంచీవాళ్లను లేవకుండా వెనక్కి తిప్పండి. ముగ్గురికి ఎదురుగా ముగ్గురు, మూడు జతలు తేలతాయి, బెంచీ కదలదు. మీ 42 మందికి 14 బెంచీలు, 21 జతలు. ఒకరు రాని రోజు ఒకచోట ముగ్గురు ఉంటారు, వాళ్లకు ఇంకో నలభై అయిదు సెకన్లు.

జతలో కూడా "మాట్లాడుకోండి" అని వదలొద్దు. ఒకరికి నలభై అయిదు సెకన్లు, మీరు చప్పట్లు కొట్టాక రెండోవాళ్లకు నలభై అయిదు. ఒకరు చెప్తున్నప్పుడు రెండోవాళ్లు మాట్లాడకూడదు, వినడమే. మొదలు ఎవరు పెట్టాలో కూడా మీరే చెప్పాలి. చురుకైన పిల్ల ముందు చెబితే రెండో పిల్ల "నాదీ అదే" అని తప్పుకుంటుంది. అందుకే నెమ్మది పిల్లలు ముందు మొదలుపెట్టాలి, కానీ వాళ్లను వేలెత్తి చూపకూడదు. నేను ముందే కూర్చునే చోట్లు చూసుకుంటాను. చాలామంది నెమ్మది పిల్లలు వెనక్కి తిరగని బెంచీల్లో ఉండేట్టు సర్దుకుని, "ఇవాళ బోర్డు వైపు చూస్తున్నవాళ్లు ముందు" అంటాను. ఎందుకో పిల్లలకు తెలియదు. ఇంకో రోజు తారుమారు చేస్తాను, లేకపోతే పసిగడతారు.

ఇక అసలు చోటు, మూడో మెట్టు. "ఎవరు చెప్తారు?" అని అడిగినన్నాళ్లు ఆ ఐదుగురే లేస్తారు సార్. ఆ ప్రశ్నే వాళ్లను పిలిచే ప్రశ్న. దాని బదులు "నీ ఎదురుగా ఉన్నవాళ్లు ఏమన్నారు?" అని అడగండి. రెండు లాభాలు. ఇంకొకరి మాట చెబుతోంది కాబట్టి తప్పయినా పిల్ల పరువు పోదు. తర్వాత అడుగుతారని తెలుసు కాబట్టి వినక తప్పదు.

తాడ్వాయి టీచర్ · బుధవారం, ఉదయం 6:20

నేను ఆశ్రమ పాఠశాలలో నాలుగో తరగతి చెబుతాను. మా దగ్గర మాట్లాడని పిల్లల్లో ఎక్కువమంది కోయ పిల్లలు, ఇంట్లో మాట్లాడే భాష వేరు. జతలో ఒకే భాష పిల్లల్ని పెట్టి, వాళ్ల భాషలోనే మాట్లాడుకోనిస్తే ఆగకుండా మాట్లాడతారు. క్లాసుకు చెప్పే దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మౌనం. అందుకే ఇప్పుడు జతలో ఒక తెలుగు మాట వెతుక్కోమంటున్నా. మొత్తం వాక్యం కాదు, ఒక్క మాట. "ఆవిరి" అని ఒకరు, "తడి" అని ఇంకొకరు. బోర్డు మీద ఆ మాటలు రాసి వాక్యం నేను కడతాను. ఇది మీరు చెప్పే పద్ధతిలోకి వస్తుందా, రాదా?

వెనక బెంచీ · బుధవారం, ఉదయం 7:05

వస్తుంది టీచర్, పైగా మా అందరికీ పనికొస్తుంది. మా స్కూళ్లలో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం, పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఇంగ్లిష్. జతలో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలని పట్టుబట్టే సార్లు ఉన్నారు. పిల్లకు రంజన్ సంగతి తెలుసు, ఇంగ్లిష్ రాదు. బయటికి రెండూ రానట్టే కనిపిస్తుంది. సిగ్గుకూ భాష రాకపోవడానికీ తేడా చూడకుండా "నెమ్మది పిల్ల" అని ముద్ర వేసేస్తాం.

వడ్డేపల్లి కట్ట · బుధవారం, సాయంత్రం 6:00

సరిగ్గా చెప్పారు. జతలో ఏ భాషైనా సరే, క్లాసుకు చెప్పేటప్పుడు మాత్రం ఆ పాఠంలోని ఒకటి రెండు మాటలు పుస్తకం భాషలో రావాలి. తాడ్వాయి టీచర్ చేస్తున్నది అదే. ఆ వాక్యం మీరు కట్టాక పిల్ల చేత ఒకసారి అనిపించండి, ఒక్క మాట దగ్గర ఆగిపోకుండా.

నర్సంపేట నాన్నగారూ, మీ అమ్మాయి స్కూల్లో స్నేహితులతో మాట్లాడుతుందా? మాట్లాడుతూ, టీచరు ముందు మాత్రమే బిగుసుకుంటే ఇక్కడ చెప్పుకుంటున్నవి పనికొస్తాయి. ఇంట్లో గలగలా మాట్లాడుతూ స్కూల్లో ఎవ్వరితోనూ, ఆటల పీరియడ్‌లో కూడా, నెలల తరబడి ఒక్క మాట అనకపోతే అది వేరే సంగతి. పిల్లల మనస్తత్వ నిపుణుల్ని కలవండి, వక్తృత్వ పోటీలకు పంపకండి.

నర్సంపేట నాన్న · బుధవారం, రాత్రి 7:10

స్నేహితులతో మాట్లాడుతది మేడం. టెన్షన్ తగ్గింది. వాళ్ల సారుకు ఈ పేజీ పంపిస్తా.

పరకాల ఫిజిక్స్ · బుధవారం, రాత్రి 8:45

జతల సంగతి అర్థమైంది. గ్రూపు పనుల గురించి చెప్పండి మేడం. నలుగురికి నాలుగు పనులు ఇస్తే ఎందుకు పనిచేయడం లేదు?

వడ్డేపల్లి కట్ట · బుధవారం, రాత్రి 9:55

మీరు పంచిన పనుల్ని మళ్లీ చూడండి. టైం చూసేవాళ్లు పాఠం గురించి ఒక్క మాట మాట్లాడనక్కర్లేదు. రాసేవాళ్లు ఇంకొకరు చెప్పింది రాస్తే చాలు, పైగా ఆ పని ఎప్పుడూ అక్షరాలు గుండ్రంగా ఉన్న అమ్మాయిల దగ్గరికే పోతుంది. చెప్పే పని ముందే ఒకరికి ఇచ్చేస్తే, మిగతా ముగ్గురికి అర్థం చేసుకోవాల్సిన అవసరమే ఉండదు. నాలుగు పనుల్లో మూడు దాక్కునే చోట్లే అన్నమాట.

మీ బెంచీలకు ముగ్గురి జట్లు కుదురుతాయి. ఎదురెదురు రెండు బెంచీల్లో ఆరుగురు, రెండు జట్లు. మొత్తం 14 జట్లు. మూడే పనులు పెట్టండి, మూడూ నోటి పనులే.

మొదటివారు మొదలుపెడతారు. తను రాసుకున్న అంచనా చదివి, మిగతా ఇద్దరివీ చదివిస్తారు. రెండోవారు "ఎందుకు?" అని అడుగుతారు. ఈ పని నెమ్మది పిల్లకు బాగా నప్పుతుంది, ఎందుకంటే జవాబు తెలియనక్కర్లేదు, అడిగితే చాలు. అడిగిన ప్రతిసారీ ఎదుటివాళ్లు కారణం చెప్పాల్సి వస్తుంది, ఆ పిల్ల మాటకు విలువ వస్తుంది. చీటీ మీద మూడు ప్రశ్నలు రాసి చేతికివ్వండి: "అలా ఎందుకు అనుకుంటున్నావు?", "స్టీలు బిందెకు కూడా ఇదే వర్తిస్తుందా?", "వానాకాలంలో ఏం మారింది?" మూడోవారు తిరిగి చెబుతారు, అంటే "మనం ఇప్పటిదాకా అన్నది ఇది, ఇక్కడ తేడా ఉంది" అని జట్టుకే అప్పజెబుతారు. రాత పని అందరిదీ, ఎవరి నోటులో వాళ్లు.

క్లాసుకు చెప్పేది ఎవరో ముందు చెప్పొద్దు. ఒకటి, రెండు, మూడు అని అంకెలిచ్చి, చర్చ అయ్యాక అంకె పిలవండి. స్పెన్సర్ కేగన్ పద్ధతుల్లో ఇదొకటి. అంకె పిలిచే ముందు ఇంకో అర నిమిషం ఇచ్చి "ఎవరిని పిలిచినా చెప్పగలరా, ఒకసారి చూసుకోండి" అనండి. ఆ అర నిమిషంలో చురుకైన పిల్లలే నెమ్మది పిల్లకు నేర్పుతారు, ఎందుకంటే ఆ పిల్ల చెప్పలేకపోతే జట్టు మొత్తం ఆగుతుంది.

వెనక బెంచీ · బుధవారం, రాత్రి 10:20

ఇక్కడే నాకు అభ్యంతరం. అంకె పిలవడమంటే లాటరీ. నా చిన్నప్పుడు అలా పిలిస్తే గుండె దడదడలాడేది, పాఠం ఒక్క ముక్క వినపడేది కాదు, నా అంకె రాకూడదని మొక్కుకుంటూ కూర్చునేవాణ్ణి.

వడ్డేపల్లి కట్ట · బుధవారం, రాత్రి 10:50

మీ మాట కొట్టిపారేయను. అందుకే మొదటి రోజుల్లో పూర్తి లాటరీ వద్దు. చర్చ జరుగుతున్నప్పుడు బెంచీల మధ్య తిరుగుతూ ఆ పిల్లల నోట్లు చూడండి. ఒక మంచి మాట కనపడగానే వంగి, ఆ పిల్లకే వినపడేలా "ఇది బాగుంది, తర్వాత అడుగుతాను, చెప్తావా?" అనండి. తల ఊపితే అడగండి, లేకపోతే ఇంకో రోజు. చెప్పాక ఊరికే "వెరీ గుడ్" అనొద్దు, ఆ మాట పాఠానికి ఎలా పనికొచ్చిందో క్లాసు ముందు చెప్పండి.

ఎలిజబెత్ కోహెన్ గ్రూపు పనుల మీద చేసిన పరిశోధనలో తేలింది ఇదే. గ్రూపులో ఎవరికి చదువు వచ్చని పేరుందో వాళ్లే ఎక్కువ మాట్లాడతారు, పేరు లేని పిల్ల సరైన మాట అన్నా ఎవరూ పట్టించుకోరు. పనులు పంచినంత మాత్రాన ఆ పేరు పోదు. టీచరు నిజమైన మాటను, నిర్దిష్టంగా, అందరి ముందు చెప్పినప్పుడే కొంచెం కదులుతుంది. లేని ప్రతిభను పొగిడితే పిల్లలు వెంటనే పట్టేస్తారు, ఆ పిల్లకు ఇంకా చులకన.

పరకాల ఫిజిక్స్ · గురువారం, రాత్రి 8:30

ఇవాళ చేయించాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

రాసే నిమిషంన్నర బాగా జరిగింది. సగానికి పైగా నోట్లలో "మట్టికి చల్లదనం ఉంటుంది" అనే ఉంది. ముందు బెంచీవాళ్లు వెనక్కి తిరిగేటప్పుడు గోల అయింది, మేడం అన్నట్టు అక్కడే టైం పోయింది. జతల్లో నలభై అయిదు సెకన్లు కొందరికి ఎక్కువైంది, రాసుకున్నది చదివేసి ఖాళీగా కూర్చున్నారు.

ముగ్గురి జట్లలో "ఎందుకు" చీటీ నేను అనుకున్నదానికన్నా బాగా పనిచేసింది. ఒక జట్టులో ఆ ఐదుగురిలో ఒకడు "మట్టి చల్లగా ఉంటుంది, అంతే" అన్నాడు. చీటీ పట్టుకున్న అబ్బాయి మూడో ప్రశ్న చదివాడు: వానాకాలంలో ఏం మారింది? వాడి దగ్గర జవాబు లేదు. మొదటిసారి వాడు తల గోక్కోవడం చూశాను.

కిటికీ దగ్గర అమ్మాయి ఒకతె ఉంది, పేరు పిలిచి హాజరు అడిగినా గొంతు వినపడదు. ఆ పిల్ల నోటులో "మా నానమ్మ రంజన్ కింద ఇసుక పోసి తడుపుతది, రంజన్ బయట చెమ్మగా ఉంటది, బిందెకు చెమ్మ రాదు" అని ఉంది. మేడం చెప్పినట్టు మెల్లగా అడిగితే తల ఊపింది. క్లాసుకు చెప్పింది, కానీ గొంతు మూడో బెంచీ దాటలేదు. ఎదురుగా ఉన్న పిల్ల పెద్దగా తిరిగి చెప్పింది. నేను ఆ చెమ్మ మీదే పాఠం కట్టాను: మట్టి రంధ్రాల్లోంచి నీళ్లు బయటికి ఊరతాయి, ఆవిరవుతాయి, ఆవిరవడానికి కావాల్సిన వేడిని లోపలి నీళ్ల నుంచి తీసుకుంటాయి. వానాకాలం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆవిరవడం నెమ్మదిస్తుంది. అంకె పిలిచేసరికి గంట కొట్టారు.

తేలనిది ఒకటుంది. రెండు జట్లలో మూడు నోట్లలోనూ అక్షరం తేడా లేకుండా ఒకే వాక్యం.

వడ్డేపల్లి కట్ట · గురువారం, రాత్రి 9:20

ఆ రెండు జట్లలో ఒకరు చెప్పారు, ఇద్దరు రాసుకున్నారు. చర్చ జరిగితే మాటలు తేడాగా ఉంటాయి. రేపు ఆ జట్లనే పిలిచి, పుస్తకం మూసి ఒక్కొక్కరి చేత సొంత మాటల్లో చెప్పించండి. ఇకముందు అంచనా వాక్యం కింద గీత గీయించండి, చర్చ తర్వాత మారింది గీత కింద రాయాలి, పైది కొట్టేయకూడదు. అప్పుడు ఎవరి ఆలోచన ఎక్కడ మారిందో మీకు కనపడుతుంది.

జతల్లో ఖాళీగా కూర్చున్నవాళ్లకు రెండో ప్రశ్న సిద్ధంగా ఉండాలి. "పాత రంజన్ కొత్తదానంత చల్లబరచదు, ఎందుకు?" అని బోర్డు మీద రాసి పెట్టండి. నీళ్లలోని లవణాలు పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయన్న దాకా వాళ్లే రావచ్చు.

జనగామ మ్యాథ్స్ · గురువారం, రాత్రి 9:50

మేడం అన్నారని ఈ మూడు రోజులు లేచినవాళ్ల పేర్లు రాశా. లీడర్లే ఎక్కువ, ఒప్పుకుంటా. కానీ లేవని పిల్లలు గ్రూపులో మాట్లాడుతున్నారేమో, అది నా కాగితంలో లేదు. ఆ లెక్క ఎలా తీస్తారు? 48 మంది నాకు.

వడ్డేపల్లి కట్ట · గురువారం, రాత్రి 10:15

అందరినీ ఒకేసారి చూడలేం. కూర్చునే చోట్ల బొమ్మ ఒక కాగితం మీద గీసుకుని, రోజుకు ఆరుగురినే ఎంచుకోండి. చర్చ జరిగేటప్పుడు వాళ్ల దగ్గర కాసేపు నిలబడండి. పాఠం గురించి మాట అంటే చుక్క, ఊరికే తల ఊపితే సున్నా. రోజుకు ఆరుగురైతే ఎనిమిది పీరియడ్లలో క్లాసంతా వస్తుంది.

వెనక బెంచీ · గురువారం, రాత్రి 10:40

ఒకటి ఎవరూ ఎత్తలేదు. మా ఊళ్లో తొమ్మిదిలో అబ్బాయిని అమ్మాయిని ఎదురెదురుగా కూర్చోబెడితే ఇద్దరూ మాట్లాడరు, పైగా బయట వెక్కిరింతలు. వేరువేరుగా పెడితే ఏళ్లు గడిచినా ఒకరితో ఒకరు మాట్లాడరు. మీరంతా ఏం చేస్తున్నారు?

తాడ్వాయి టీచర్ · శుక్రవారం, ఉదయం 6:10

నాలుగో తరగతిలో ఆ గొడవ లేదు, కలిపే కూర్చుంటారు.

పరకాల ఫిజిక్స్ · శుక్రవారం, ఉదయం 7:00

నేను నిన్న వేరుగానే పెట్టాను. జత వేరుగా, జట్టులో కలిపి పెట్టి చూద్దామా అనుకుంటున్నా, కానీ ముగ్గురిలో ఒక్క అమ్మాయి పడితే ఆ పిల్ల అసలు మాట్లాడదేమో.

వడ్డేపల్లి కట్ట · శుక్రవారం, సాయంత్రం 5:40

కలపాలనుకుంటే ముగ్గురిలో ఒక్క అమ్మాయి మాత్రం వద్దు, ఇద్దరమ్మాయిలు ఒకబ్బాయి పెట్టండి. అదీ అన్ని క్లాసుల్లో నాకు కుదరలేదు. ఒక ఊళ్లో తల్లిదండ్రులే వచ్చి అడిగారు, వెనక్కి తగ్గాల్సి వచ్చింది. దీనికి నా దగ్గర ఒక్క జవాబు లేదు, మీ ఊరు మీకే తెలియాలి.

జనగామ మ్యాథ్స్ · శుక్రవారం, రాత్రి 9:05

సోమవారం రేఖీయ సమీకరణాల్లో ఆ "ఎందుకు" చీటీ పెడుతున్నా. ప్రశ్నలు: "ఇటు నుంచి అటు పోతే గుర్తు ఎందుకు మారింది?", "రెండు పక్కలా ఏం చేశావు?", "వచ్చిన విలువ సరైందని ఎట్ల తెలుసు?" ఇంకేమైనా కలపాలా? ఆరుగుర్ని ముగ్గురు ముగ్గురుగా విడగొడుతున్నా. గీతలు మాత్రం తీసేయను.